రోడ్డెక్కిన ఇల్లు

మా ఆయన పురపాలక కార్యాలయంలో ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. ఎవరి మెట్టు జానెడు రోడ్డు మీదకొచ్చినా ఈయన గీసిన ప్లాను చూసే నోటీసు ఇచ్చేవారు. రిటైరయ్యాక ఇంట్లో కుర్చీలను గోడకు సమాంతరంగా సర్దుతూ నా ప్రాణం తోడేస్తున్నారు.

మా చెల్లెలి కూతురు వీడియో గేములు తయారుచేసే కంపెనీలో ఉంది. వాళ్ల గేములోకి ఒక వీధి కావాలట. నేల మీద టైలులా ఇంటికొక పలక, అలా ఇరవై పలకలు పక్కపక్కన పేరిస్తే వీధి.

"పెదనాన్నా, ముందు మీ ఇంటి ఫొటో చూసి ఒకటి గీసివ్వండి. కుదిరితే మిగతావీ మీకే," అంది.

ఆ పూట ఆయన రెండోసారి గడ్డం గీసుకున్నారు. మళ్లీ పనికొచ్చే మనిషినవుతాననే ఆశ అది, నాకు తెలియదూ.

ఫొటోలో దూరం వెళ్లేకొద్దీ గోడ కురచవుతుంది. వీధిని పైనుంచి ఏటవాలుగా చూపే గేము బొమ్మలో అలా కుదరదు, గీతలన్నీ సమాంతరంగానే సాగాలి. ఆ సంగతి ఆయనకు కొట్టిన పిండి. పాత మూలమట్టం తీసి, ముప్పై డిగ్రీల కోణంలో గోడలు, పైకప్పు, గేటు గీశారు. అలవాటుగా కింది మూలన రెండు గడులు కూడా పెట్టారు: గీసినవారు, సరిచూసినవారు.

పిల్ల దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, వెడల్పు సరిచేసి పలక మీద పెట్టింది. ఇంటి ముందు మూల పలక దాటి రోడ్డు మీదకి పొడుచుకొచ్చింది.

"ఆక్రమణ," అన్నాను. ఊరుకోలేకపోయాను.

"మీ రోడ్డే వంకర," అన్నారాయన.

"కాదు పెదనాన్నా. మా పలక అంచు తెర మీద అడ్డంగా రెండు చుక్కలు జరిగితే నిలువుగా ఒక్క చుక్కే జరుగుతుంది. అంటే ఇరవై ఆరున్నర డిగ్రీలు. మీది ముప్పై."

"ముప్పై తప్పంటే నా ముప్పై ఏళ్లూ తప్పేనన్నమాట," అని ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు. అన్నం కూడా వద్దన్నారు. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది.

నా కుట్టుపనికి వాడే గళ్ల కాగితం తెచ్చి ఆయన ముందు పడేశాను. "పూల తీగ ఏటవాలుగా పోవాలంటే నేను గళ్లు లెక్కపెట్టుకుంటాను, కోణం కొలవను. అడ్డంగా రెండు, నిలువుగా ఒకటి. మీకు చేతకాకపోతే నేనే గీస్తాను."

ఆ మాటకి చచ్చినట్టు లేచారు. సాయంత్రానికి ఇల్లు పలక మీద కుదురుగా కూర్చుంది. మిగతా పంతొమ్మిది ఇళ్ల ఫొటోలూ ఆయనకే పంపుతానంది పిల్ల.

ఆయన ఆ కాగితం, పెన్నూ నా ముందు పెట్టారు. ముప్పై ఏళ్లూ పైఅధికారులే సంతకం చేసిన 'సరిచూసినవారు' గడి చూపించి, "నువ్వు పెట్టు," అన్నారు.

నా కళ్లు చెమర్చాయి. తుడుచుకుని బొమ్మను మళ్లీ చూశాను.

"వంటింటి కిటికీ ఏది?"

"ఫొటోలో వ్యాను అడ్డొచ్చింది. కనబడలేదు."

"ఈ ఇంటికొచ్చిన ఇరవై రెండేళ్లుగా వరండాలో కూర్చునే మీకు ఆ కిటికీలోంచే కదండీ కాఫీ అందిస్తున్నది," అని పెన్ను మూత పెట్టేశాను.

ఆయన రబ్బరు అందుకున్నారు. కిటికీ వచ్చాకే సంతకం పెట్టాను.