పాత ఫోన్‌లో మిగిలిపోయిన నా ఖాతా

ఫోన్ల సంగతి నాకే తెలుసని మా ఇంట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచి పోషించిందీ నేనే. విజయనగరంలో ఒక ఆఫీసులో గుమస్తాను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి ఎవరేమడిగినా తెలియదనడం నాకు నామోషీ.

మా తమ్ముడు గుజరాత్‌లో చేపల బోటు మీద పనిచేస్తాడు. పదిహేను, ఇరవై రోజులకోసారి బోటు రేవుకొస్తుంది. సరుకు దింపి, మంచు, డీజిలు ఎక్కించుకుని మళ్లీ తెల్లారేసరికి వెళ్లిపోతుంది. వాడు వేటకెళ్లాక కూతురు పుట్టింది. అయిదో నెల వచ్చినా ఫొటోలు తప్ప పిల్లను చూసింది లేదు. మా మరదలి దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఈసారి బోటు ఆదివారం రేవుకొస్తుందని కబురొచ్చింది. ఆ వారంలోనే రామతీర్థంలో పిల్లకు పుట్టువెంట్రుకలు తీయించాలి, మేనమామ వచ్చి మొదటి కత్తెర వేస్తాడు. అది అయ్యేలోపు పిల్లను ఆ జుట్టుతో ఒక్కసారి వీడియోలో చూడాలని తమ్ముడి కోరిక.

నా పాత ఫోను బీరువాలో చీరల కింద ఆరునెలలుగా పడుంది. అది ఇస్తానన్నాను.

చార్జింగ్ పెడితే లేచింది కానీ వేలిముద్ర ఒప్పుకోలేదు. ఆరిపోయి లేచిన ఫోను మొదట గీత గీసి తెరవమంటుంది. ఆ గీత ఎప్పుడో మర్చిపోయాను, ఇన్నాళ్లూ వేలితోనే నడిపాను మరి. కాసేపు విసుక్కుని, పక్క బటన్లు నొక్కి పట్టుకుని, వచ్చిన నల్ల తెర మీంచి మొత్తం చెరిపేశాను. లోపలికి వెళ్లి నా ఖాతా తీసేయాలన్న ఆలోచనే రాలేదు. తెరిస్తే కదా తీసేది! తుడిచేశాం, ఇంకేముంటుందిలే అనుకుని, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి మా ఊరికి వెళ్లాను.

మధ్యాహ్నం పిల్ల మరదలి భుజం మీద నిద్రపోతోంది. ఉంగరాల జుట్టు కళ్ల మీద పడుతోంది. నేను నా కొత్త ఫోన్ నుంచి నెట్ ఇచ్చి పాతదాన్ని సిద్ధం చేస్తున్నాను. భాష అడిగింది, చెప్పాను. తర్వాత, ఈ ఫోను చెరిపివేయబడింది, ఇంతకుముందున్న ఖాతాతో లోపలికి రండి అంది.

"ఏటి వదినా, ఏటంటాది?"

"నా పాస్‌వర్డ్ అడుగుతోందే. దొంగిలించిన ఫోన్ అనుకుంటోంది."

పాస్‌వర్డ్ నాకు గుర్తులేదు. కొత్త ఫోన్‌లో మార్చేసి, కొత్తది కొట్టాను. ఈమధ్యే పాస్‌వర్డ్ మార్చారు, ఇరవై నాలుగు గంటలు ఆగండి అంది. మళ్లీ కొట్టినా అదే మాట. నాకు దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

"రేపు ఈపాటికి తెరుచుకుంటుంది," అన్నాను.

"రేపు తెల్లారితే బోటు ఎల్లిపోతాది కదా వదినా," అంది మరదలు.

సరుకు దిగాక, రాత్రి ఎనిమిదికి గానీ తమ్ముడికి తీరిక దొరకదు. నా ఆఖరి బస్సు అయిదున్నరకు. మంచి ఫోనున్న పక్కింటివాళ్లు పెళ్లికి కోటబొమ్మాళి వెళ్లారు. బస్సు కోసం నిలబడ్డప్పుడు, నా కొత్త ఫోను ఇక్కడ వదిలేసి పోతే, అని తోచింది. బ్యాంకు, ఆఫీసు కబుర్లు, అన్నీ అందులోనే ఉన్నాయి. రేపు లేకపోతే ఎలా అనుకున్నాను. పిల్లను రెండు ఫొటోలు తీసి, బస్సులోంచి తమ్ముడికి పంపాను. వాడు బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో, వెంట తెచ్చుకున్న పాత ఫోన్‌లో కొత్త పాస్‌వర్డ్ కొడితే లోపలికి రానిచ్చింది. సెట్టింగ్స్‌లో ఖాతాల దగ్గరికి వెళ్లి నా ఖాతా తీసేశాను. ఆ తర్వాత సెట్టింగ్స్ నుంచే మళ్లీ చెరిపాను. ఈసారి తెరిస్తే ఏ ఖాతా గురించీ అడగలేదు. మొదటే ఆ గీత గుర్తున్నా, చార్జింగ్ పెట్టింది ఒక వారం ముందైనా, పది నిమిషాల పని. తర్వాతి ఆదివారం తీసుకెళ్లి ఇచ్చాను. అప్పటికి పిల్ల నున్నటి గుండుతో నవ్వుతోంది.

బోటు మళ్లీ రేవుకొచ్చి వెళ్లాక నేను ఊరికి వెళితే మరదలు ఆ ఫోన్‌లో తమ్ముడితో మాట్లాడిన వీడియో కాల్ సంగతి చెప్పింది.

"పాపని సూసి, 'జుత్తేదే?' అన్నాడు." పిల్లని ఇంకో భుజం మీదకి మార్చుకుని, "ఆ ఆదివారం మీ ఫోను ఒక్క రాత్రికి ఉంచీమని అడుగుదావనుకున్నాను వదినా. మీకు అందులో అన్నీ ఉంతాయి కదా, నోరు రానేదు," అంది.

"అడిగితే ఇచ్చేదాన్నే కదే," అన్నాను.

ఇచ్చేదాన్ని కాదు.