ముప్పై రోజుల గడువు

అనంతరాములు బేరమాడకుండా కొన్న వస్తువు ఈ భూమ్మీద లేదని నాందేడ్ ధాన్యం మార్కెట్ నవా మోండాలో అందరూ ఒప్పుకుంటారు. పెళ్లిలో పురోహితుడు ఏడడుగులంటే ఐదింటికి తెగ్గొట్టబోయాడట. పన్ను పీకించుకోవడానికి పోయి, ఇదే డబ్బుకు పక్క పన్ను కూడా పీకుతావా అని డాక్టరును అడిగాడట. మొదటిది కల్పించింది. రెండోదానికి ఆయన భార్య వనమాల సాక్షి.

తండ్రి రైల్వే ఉద్యోగం మీద నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అనంతరాములు పదహారేళ్లకే మోండాలో రైతుల సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే ఒక అడ్తి దుకాణంలో కుదిరాడు. ఆ రోజుల్లో కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద రుమాలు కప్పుకుని, కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. మొదట చెప్పిన ధరకే సరేనంటే అమ్మినవాడికి అన్నం సహించదు, ఇంకాస్త ఎక్కువ చెప్పాల్సిందని కుమిలిపోతాడు. అందుకని వాడి మనశ్శాంతి కోసమైనా బేరమాడాలి. పైగా ఆత్రం కనపడకూడదు. ఎంత కావలసిన సరుకైనా చివరి నిమిషం దాకా దాని ముందు ఆవులిస్తూ నిలబడాలి. అనంతరాములు నేర్చుకున్న చదువంతా ఇదే, దీంతోనే ఇల్లు కట్టాడు, పిల్లల పెళ్లిళ్లు చేశాడు.

పద్దెనిమిదేళ్ల కింద స్నేహితుడు నర్సన్నతో కలిసి కందిపప్పు మిల్లు పెట్టాడు. దాన్ని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా నమోదు చేయించారు. పెట్టుబడి నర్సన్నది ఎక్కువ కాబట్టి నూటికి అరవై వాటాలు ఆయనవి, నలభై ఈయనవి. మిల్లు నడిపింది మాత్రం ఈయనే. గుప్పెడు కందులు ముక్కు దగ్గర పెట్టుకుంటే అవి భోకర్‌వో మర్ఖేల్‌వో చెప్పడమే కాదు, తెచ్చిన రైతు దారిలో ఎక్కడ చాయ్ తాగాడో కూడా చెప్పేవాడట. చాయ్ సంగతి నర్సన్న పుట్టించిందే. ఆ మాట నమ్మిన రైతులు మాత్రం కందుల్లో రాళ్లు కలపడానికి జంకేవారు.

కంపెనీ నియమావళి రాసేటప్పుడు బయటివాడు రాకూడదని పట్టుబట్టింది అనంతరాములే. అందుకని ఒక నియమం పెట్టారు. వాటాలు అమ్మదలిచినవారు ఎన్ని, ఎంత ధరకు, బయట కొనేవాడెవడైనా ఉంటే వాడి పేరేమిటి, అన్నీ రాసి కంపెనీకి నోటీసు ఇవ్వాలి. కంపెనీ దాన్ని రెండో వాటాదారుకు అందిస్తుంది. అందిన రోజు నుంచి ముప్పై రోజుల్లో ఆయన ఆ వాటాలన్నీ అదే ధరకు తీసుకుంటానని రాసివ్వాలి. రాయకపోతే వద్దన్నట్టు. ఆ తర్వాత తొంభై రోజుల్లోపు బయటివాడికి అమ్ముకోవచ్చు, అయితే నోటీసులోని ధరకు తక్కువ కాకుండా. తగ్గించి అమ్మాలనుకుంటే మళ్లీ మొదట రెండో వాటాదారునే అడగాలి.

నర్సన్న నవ్వి దానికి ఇంకో ముక్క చేర్పించాడు. “షరతు పెట్టినా, ధర తగ్గియ్యమన్నా వద్దన్నట్టే అని రాయుర్రి. లేకుంటే ఈనితోని బేరమాడలేక నేను సస్త.”

అనంతరాములు కూడా నవ్వుతూనే సంతకం పెట్టాడు.

నర్సన్న పోయాక ఆయన వాటాలు ఒక్కగానొక్క కూతురు సింధుకు వచ్చాయి. వారసత్వంగా వచ్చేవాటికి నోటీసు అక్కర్లేదు. రెండేళ్లు గడిచాక ఆమె మిల్లుకు వచ్చింది.

“కాకా, నా వాటాలు అమ్ముతున్న. భోకర్ల రక్తపరీక్షల ల్యాబ్ పెడుత. మోండాల గజానన్ సేటు మంచి ధరనే ఇస్తా అన్నడు. గని మిల్లు నీ చేతులనే ఉండాలె. నోటీసు వస్తది, తీస్కో.”

“సూద్దాం తియ్యి బిడ్డా” అని అనంతరాములు ఆవులించాడు.

ధర న్యాయమైనదేనని ఆయనకు అప్పుడే తెలుసు. నోటీసు అందిన వారంలోనే బ్యాంకులో అప్పుకు మాట్లాడుకున్నాడు కూడా. తీసుకుంటే మిల్లు మొత్తం తనది. లేకపోతే పద్దెనిమిదేళ్లు నడిపిన మిల్లులో ఇంకొకడి కింద నలభై వాటాల మనిషి.

“బ్యాంకోళ్లు సరే అన్నరు గద, రాసియ్యరాదు?” అంది వనమాల.

“గింత జల్దీ రాస్తే ఆకలిమీదున్నడు అనుకుంటరు. ఇరవై తొమ్మిదో రోజు రాస్త.”

అన్నట్టే ఇరవై తొమ్మిదో రోజు రాశాడు. వాటాలన్నీ తీసుకుంటాను, నూటికి పది తగ్గించు, సగం డబ్బు దీపావళి తర్వాత ఇస్తాను. సింధు కాదంటుంది, తను ఐదుకు వస్తాడు, చాయ్ తాగుతూ మూడు దగ్గర తెంచుకుంటారు, అదీ ఆయన లెక్క. నిజానికి ఆ మూడు కూడా వదిలేసి, పూర్తి ధర చేతిలో పెట్టి ఆ పిల్లను ఆశ్చర్యపరచాలని ఆయన మనసులో ఉంది. ఆ సంగతి కాగితం మీద లేదు.

ముప్పయ్యో రోజు ఫోను రాలేదు. ముప్పై మూడో రోజు కంపెనీ లెక్కలు చూసే సి.ఎ. పూనమ్ దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది. మీ జవాబును నిరాకరణగా తీసుకున్నాం అని. అనంతరాములు చెప్పులు సరిగా తొడుక్కోకుండానే ఆమె ఆఫీసుకు పరుగెత్తాడు.

“ముప్పై దినాల్లనే రాసిన గదమ్మా!”

“రాసిండ్రు కాకా. గని తగ్గియ్యమని రాసిండ్రు. గది ఒప్పుకునుడు కాదు.”

“బేరం షురూ చేసిన. బేరమైనంక ఒప్పుకుందునే గద!”

“మీ క్లాజుల బేరానికి జాగ లేదు. మీరు సంతకం పెట్టిందే.”

“సరే, పూరా ధర ఇస్త. గీ నిమిషమే ఇస్త.”

“మీ హక్కు గడువుతోనే పోయింది. తర్వాతనైనా సింధు తనిష్టంతోని మీకియ్యొచ్చు. గని నిన్ననే గజానన్ సేటుతోని అగ్రిమెంట్ అయింది.”

“నేనూ డైరెక్టర్‌నే. వాని పేరు కంపెనీల ఎక్కనియ్య.”

పూనమ్ నియమావళి తెరిచి ఆయన ముందు పెట్టింది. “ఏం కారణం రాస్తరు కాకా? ఆమె నియమం తప్పలేదు. మీరు ఆపితే ఆయన ట్రైబ్యునల్‌కు పోతడు, గెలుస్తడు.”

ఆయన అటునుంచి అటే భోకర్ బస్సెక్కాడు. సింధు ల్యాబ్ గదికి సున్నం వేయిస్తోంది. ఆయన్ని చూసి స్టూలు తుడిచి వేసింది.

“నేను వద్దన్ననని ఎట్లనుకున్నవ్ బిడ్డా? నా సంగతి నీకెర్క లేదా?”

“నువ్వు బేరమాడుతవని లోకమంత ఎర్కనే కాకా. మోండాల ఆడుతవ్, నాతోని ఆడవనుకున్న.” సింధు చేతిలోని గుడ్డ పక్కన పడేసింది. “నూటికి పది తగ్గియ్యమంటే, నాయిన కష్టం నీకు గంతకే ఆనిందేమో అనిపిచ్చింది. మొగమాటానికి తీసుకుంటున్నవేమో అనిపిచ్చింది.”

“ఒక్క ఫోన్ కొట్టకపోతివి.”

“నువ్వు కొట్టకపోతివా? ముప్పై దినాలు ఎదురుసూసిన.”

అనంతరాములు స్టూలు మీద చాలాసేపు కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ తాగకుండా లేచాడు.

గజానన్ చెడ్డవాడేమీ కాదు. “మీరు రోజూ రావాలె కాకా” అనేవాడు. కాని తేమ చూసే యంత్రం వచ్చింది, కందుల ధరలు పొద్దున్నే ఫోనులో ఖాయమైపోతున్నాయి. వాసన చూసిన గుప్పెడు కందులు ఎవరికి చూపించాలో తెలియక అనంతరాములు వాటిని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. వనమాల చొక్కాలు ఉతుకుతూ వాటిని ఏరి డబ్బాలో పోసేది.

ఏడు నెలలకు ఆయన కూడా నోటీసు ఇచ్చాడు. ఇప్పుడు మొదట అడగాల్సింది గజానన్‌ను. అలవాటు కొద్దీ బేరానికి చోటుండేలా నూటికి పది ఎక్కువ వేశాడు. మర్నాడే జవాబు వచ్చింది. మీ వాటాలన్నీ మీరు చెప్పిన ధరకే తీసుకుంటున్నాను. ఒకే వాక్యం, కింద సంతకం.

అనంతరాములు ఆ కాగితాన్ని తిప్పి వెనక కూడా చూశాడు.

“ఎక్కువనే అచ్చింది గద, మొకం గట్ల పెట్టినవేంది?” అంది వనమాల.

“గింతేనానే రాసేది?” అన్నాడాయన. “గింతే రాస్తే అయిపోతుండెనా?”

ఆయన ఫోను తీసి సింధుకు చేశాడు. ల్యాబ్ ఎట్లుందని అడిగాడు, బాగుందని చెప్పింది. నా వాటాలు కూడా ఇచ్చేసిన అన్నాడు. అవతల సీసాల చప్పుడు ఆగిపోయింది.

“అయితే మిల్లుల ఇగ మనోళ్లెవ్వరు లేరా కాకా?”

“లేరు బిడ్డా.”

ఇద్దరూ ఫోను పెట్టేయలేదు.