గోడ మీద ఏడో వరుస

మాది పశువుల దాణా దుకాణం. నారాయణఖేడ్‌లో, పల్లెలకు పోయే ఆటోలు ఆగే సందు మొదట్లో ఉంటుంది. ముందు గదిలో కాంటా, వెనక గదిలో బస్తాలు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయితే ఎవరు ఏ రోజు ఎన్ని బస్తాలు తీసుకుపోయారో, ఆ రోజు మా ఇంట్లో ఏ కూర వండానో కూడా చెప్పగలను. ఈ గుణం వల్ల నాకు మేలు జరిగింది తక్కువ, అలసట ఎక్కువ. మరిచిపోయేవాళ్ళు హాయిగా నిద్రపోతారు.

వెనక గది గోడ మీద మోకాలి ఎత్తు దాటాక ఒక సున్నం గీత ఉండేది. దుకాణం పెట్టిన కొత్తలో మా ఆయన గీసింది. బస్తాలను వరుసకు ఎనిమిది చొప్పున ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. మూడు వరుసలు మిగిలితే, అంటే ఇరవై నాలుగు బస్తాలకు దిగితే, గీత కనబడుతుంది. అప్పుడు మాకు దాణా పంపే జహీరాబాద్ సేటుకు ఫోన్ చేయాలి. అప్పట్లో రోజుకు నాలుగు బస్తాలు అమ్మేవాళ్ళం, లారీ మూడో రోజుకే వచ్చేది. మూడు నాలుగులు పన్నెండు. ఎందుకైనా మంచిదని ఇంకో పన్నెండు కలిపి ఆయన గీత గీశాడు. అప్పటికది సరైన గీతే.

కాలం మారింది, గీత మారలేదు.

ఆ వానాకాలంలో లారీ రాకముందే సరుకు అయిపోతూ వచ్చింది. అందులో రెండుసార్లు కల్హేర్ ఊరి పెద్దమ్మే వచ్చి ఖాళీ గది చూసింది. ఆమెకు ఆరు బర్రెలు. వారానికోసారి ఆటోలో వచ్చి నాలుగు బస్తాలు వేయించుకుంటుంది. ఆమె వాడకట్టులోని నాలుగిళ్ళవాళ్ళు ఆమె మాట మీదనే మా దగ్గర కొంటారు. బర్రెలకు దాణా ఒక్కసారిగా మారిస్తే మూతి తిప్పుకుంటాయి, పాలు తగ్గుతాయి. రెండోసారి ఆమె గడపలోనే నిలబడింది.

"ఏంది పిల్లా, దాణా దుకాణమా, ఉత్త కాంటా దుకాణమా?"

"రేపు వస్తది పెద్దమ్మా. లారీ బయలుదేరిందట."

"నీ రేపు నా బర్రెకు తెల్వది. పోయినసారి వేరే దాణా పెడితే నాలుగు రోజులు పొదుగు ఎండబెట్టింది. ఇంకొక్కసారి లేదన్నవనుకో, ఇగ నీ మెట్టు ఎక్క. నేనే కాదు, మా వాడకట్టోళ్ళు గూడ ఎక్కరు."

కోపంగా అని ఉంటే పట్టించుకోకపోయేదాన్నేమో. ఓపిక లేనట్టు, చెంగుతో మొహం తుడుచుకుంటూ అంది. నాకు అదే గుచ్చుకుంది.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "గీత చూసే ఫోన్ చేసిన కదా" అన్నాడు.

"గీత తప్పయిందయ్యా."

"గీత ఏం తప్పయితది? లారీ పొద్దుగాల బయలుదేరితే మధ్యాహ్నానికి దిగుతది."

ఆయన లెక్క అదీ. జహీరాబాద్ నుంచి లారీకి ఒక పూట. కానీ సేటు మన ఒక్కరి కోసం బండి కట్టడు. మన బస్తాలు, కంగ్టి దుకాణం వాళ్ళవి, ఇంకా దారిలో ఉన్నవాళ్ళవి కలిసి బండి నిండాలి. మిల్లు నుంచి సరుకు రావాలి. లారీ రోడ్డు మీద ఉండేది ఒక పూటే కావచ్చు, మనం ఎదురుచూసేది మాత్రం ఫోన్ చేసిన పొద్దు నుంచి బస్తా మన గదిలో దిగేదాకా.

"ఎన్ని రోజులంటవ్ మరి?"

బియ్యం ఏరుతూ కూర్చుని ఉన్నాను. గుర్తు చేసుకున్నాను. చింతచిగురు పప్పు వండిన రోజు ఫోన్ చేస్తే నాలుగు రోజులకు వచ్చింది. కరెంటు లేక రుబ్బురోట్లో నూరిన వారం, ఐదు. తర్వాతది ఐదు. ఆ తర్వాత నాలుగు. మొన్నటిది ఏడు. కలిపితే ఇరవై ఐదు. ఐదుసార్లకు పంచితే ఐదు రోజులు.

"అమ్మకం?"

మామూలు రోజు ఏడు బస్తాలు. వారానికోసారి సంత జరిగే అంగడి రోజు పద్నాలుగు. ఆరు ఏడులు నలభై రెండు, దానికి పద్నాలుగు కలిపితే వారానికి యాభై ఆరు. ఏడు రోజులకు పంచితే రోజుకు ఎనిమిది. అంటే ఒక వరుస.

మా ఆయన లేచి వెనక గదిలోకి పోయి వచ్చాడు. కూర్చోలేదు.

"రోజుకొక వరుస. ఐదు రోజులకు ఐదు వరుసలు. మనం మూడిటికి ఫోన్ చేస్తున్నం."

"అందుకే రెండు రోజులు గది ఊడ్చి కూసుంటున్నం."

"అయితే ఐదో వరుసకు గీస్త."

"ఐదుకు గీస్తే, లారీ ఐదో రోజు వస్తేనే బతుకుతం. మొన్నటి లెక్క ఏడు రోజులైతే? ఇంకో రెండు వరుసలు పైన ఉండాలె. ఏడు."

"యాభై ఆరు బస్తాలుండంగనే ఫోనా! వానకు చెమ్మ పట్టదా? ఎలుకలు నీ చుట్టాలా?"

అది వట్టి మాట కాదు. ఎక్కువ సరుకు పెట్టుకుంటే పాతది అడుగున పడి ముక్కిపోతుంది. లారీ వచ్చే ముందు మిగిలిన పాత బస్తాలను వాకిలి దగ్గరకు జరిపి వాటినే ముందు అమ్మాలి, కింద చెక్కలు వేయాలి, గోడకు జానెడు ఎడం ఉంచాలి. ఆ జరపడం నా నడుము మీద పడుతుందని తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను. పొద్దున ఆయన కొత్త గీత గీశాడు. నా భుజం ఎత్తుకు వచ్చింది. పాత గీతను చెరపలేదు, నేనూ చెరపమనలేదు.

కొన్నాళ్ళకు బస్తాలు కొత్త గీతకు దిగాయి. గది నిండుగానే కనబడుతోంది. అంత సరుకు ముందు పెట్టుకుని ఫోన్ చేయాలంటే నాకే సిగ్గనిపించింది. అయినా చేశాను. పొద్దున్నే, ఇంకా ఒక్క బస్తా అమ్మకముందు.

"గింత జల్దీ ఏందమ్మా? పాతది అమ్ముడుపోయిందా?" అన్నాడు సేటు.

"పోతది. నువ్వు ఎనభై బస్తాలు పంపు సేటూ."

ఐదో రోజు లారీ రాలేదు. ఆరో రోజు ఫోన్ చేస్తే, కంగ్టి వైపు వాన, బండి నిండలేదు అన్నాడు. మధ్యలో అంగడి వచ్చి పద్నాలుగు పోయాయి. మిగతా ఐదు రోజులు ఏడేసి. ఏడో రోజు పొద్దున గదిలోకి పోయి చూస్తే ఏడు బస్తాలున్నాయి. నేనూ మా ఆయనా టీ తాగి కాంటా దగ్గర కూర్చున్నాం.

పది గంటలకు రెండు పోయాయి. తర్వాత కల్హేర్ ఆటో ఆగింది. పెద్దమ్మ దిగి నన్ను చూడలేదు, నేరుగా వెనక గదిలోకి తొంగి చూసింది.

"ఐదేనా?"

"నీకు నాలుగే కదా పెద్దమ్మా."

ఆమె ఒక్కొక్క బస్తాను చేత్తో తట్టి చూసింది, చెమ్మ ఉందేమోనని. లేదు. ఆటోవాడు నాలుగూ ఎక్కించాడు. ఆమె కూర్చున్నాక తల బయట పెట్టి, "వచ్చే వారం నుంచి ఆరు తీసి పెట్టు. మా మరిది గూడ రెండు బర్రెలు తెచ్చిండు. ఆ ఇంటికి గూడ నీ దాణానే అని చెప్పిన" అంది.

ఆటో పోయింది. వెనక గదిలో ఒకే ఒక్క బస్తా గోడకు ఆనుకుని ఉంది. లారీ పొద్దు గూకే వేళకు వచ్చింది. హమాలీలు ఎనభై దింపి పోయేసరికి నా చేతులకు దాణా దుమ్ము, కళ్ళకు మంట.

మా ఆయన సున్నం డబ్బా తెచ్చి, గీత ముందు నిలబడి నా వైపు చూశాడు.

"వారానికి ఇంకో రెండు బస్తాలంటే గీత ఎంత పైకి పోవాలె?"

"రెండు బస్తాలే. గీత వారం సరుకుకే కదా. యాభై ఎనిమిది" అన్నాను, నేల మీద కూర్చుంటూ. "రేపు గియ్యి. ఇయ్యాల నాతోని లేవనైతలేదు."