మూత తీసి చూడు

ముమ్మిడివరం బస్టాండు పక్కన కర్రీపాయింట్ నడిపే పార్వతి మొండిదని అందరూ అంటారు. ఉన్న మాటే. మొగుడు పోయాక చేపల పులుసును నమ్ముకుని ఇల్లు నిలబెట్టుకున్న మనిషి, కాస్త మొండిగా ఉండక ఏం చేస్తుంది?

ఈ వానాకాలం ఆ పులుసుకే పేరు పోయింది. రోజూ వచ్చే ఆటోవాళ్లు ఎదురు కొట్టుకి మళ్లారు. "వాసన రావట్లేదక్కా" అని ఒకడు మొహం మీదే చెప్పేశాడు. ఇలాగే సాగితే కొట్టు మూసుకోవడమే. పార్వతి కోపమంతా కాట్రేనికోన నుంచి చేపలు తెచ్చే సాలమోను మీదకి మళ్లింది. పదిమంది ముందూ మొప్పలెత్తి వాసన చూసి, "నిన్నటి చేప తెచ్చి అంటగడుతున్నారండీ బాబాయ్ గారూ" అనేసింది.

పెద్దాయన మొహం మాడిపోయింది.

"తెల్లారగట్ల పడ్డ చేపమ్మా ఇది. నా బుట్ట రోజూ వాసన చూత్తావు కదా, నీ డబ్బాలెప్పుడన్నా చూసేవా?" అని బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట ముల్లులా దిగింది. మధ్యాహ్నం జనం తగ్గగానే పార్వతి పొయ్యికి పైన గోడకి కొట్టిన చెక్కబల్ల నుంచి డబ్బాలన్నీ దించింది. గరం మసాలా చిటికెడు అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. పాత అట్టపెట్టె వాసన. ధనియాల పొడి అడుగున గడ్డకట్టి బూజు పట్టింది. కారం రంగు వెలిసిపోయింది. ఇదంతా ఎవరి నిర్వాకం? తనదే. చవగ్గా వస్తుందని వేసవిలోనే పొడులన్నీ ఒక్కసారే మరలో ఆడించింది. తడి గరిటె ముంచింది. పాతది అడుగునుండగానే పైన కొత్తది పోసింది. కింద పులుసు ఆవిరి రోజంతా వాటికే తగిలింది. పాపం, చేప ఏం చేసింది! పార్వతికి తల కొట్టేసినట్టయింది.

"అంతా పారేత్తావేంటక్కా? ఇంకో చెంచా ఎక్కువేత్తే పోలా?" అంది సాయానికొచ్చే చెల్లెలు నాగదుర్గ.

"బూజు తినిపిత్తావా జనానికి? పట్టుకెళ్లి గోతిలో పారబొయ్యి."

తర్వాత దినుసుల మీద పడింది. లవంగం గోటితో నొక్కితే నూనె చెమ్మ తగిలింది, ఉంచింది. దాల్చినచెక్క విరిస్తే ఘాటు కొట్టింది, అదీ ఉంచింది. పుచ్చిన ధనియాలు పారేసి కొత్తవి తెచ్చింది. సన్నసెగ మీద వేయించి, బాగా చల్లారాక, వారానికి సరిపడా మాత్రమే మిక్సీ పట్టింది. తడిలేని డబ్బాల్లో పోసి, మూతలు బిగించి, వెలుగు తగలని గోడ అలమరలో పెట్టింది. ఆ చెక్కబల్లని తనే సుత్తి పట్టి ఊడబెరికింది.

మర్నాడు పొద్దున్నే సాలమోను ఎదురు కొట్టు ముందు బుట్ట దించుతుంటే, డబ్బా పట్టుకుని రోడ్డు దాటింది. నిన్నటి మనుషులే చుట్టూ ఉన్నారు.

"తప్పు నాదండీ బాబాయ్ గారూ. మీ చేప మంచిదే, నా పొడే చచ్చింది. ఇదిగోండి, కొత్తగా పట్టాను, మూత తీసి మీరే చూడండి."

ఆయన వంగి వాసన చూశాడు. రెండు తుమ్ములు తుమ్మాడు.

"ఆయ్, ఇదీ పొడంటే" అని, ఒక చేప మొప్ప ఎత్తి పట్టుకున్నాడు. "ఇప్పుడు నువ్వు చూడు."

"నేను చూడక్కర్లేదండీ" అంది పార్వతి, కళ్లు తుడుచుకుంటూ. "తూకం వెయ్యండి."