బస్తా అన్న తూకం

బేకరీలో అతన్ని అందరూ బస్తా అన్న అంటారు. నూట ఎనిమిది కిలోలున్న రోజుల్లో పెట్టిన పేరది. ఆరేళ్ల కిందట ఇరవై ఏడు కిలోలు తగ్గి ఎనభై ఒకటికి వచ్చాడు గానీ, పేరు మాత్రం గ్రాము కూడా తగ్గలేదు. పిండి కలిపేవాడికి ఇంతకంటే నప్పే పేరేముందిలే అని అతనూ ఊరుకున్నాడు.

బరువు తగ్గినవాణ్ణి లోకం భుజం తట్టి మెచ్చుకుంటుంది. తగ్గిన బరువును నిలబెట్టుకునేవాణ్ణి ఎవరూ చూడరు. నిజానికి చూడటానికి అక్కడేమీ ఉండదు కూడా. పొద్దున లేవగానే తూకం మిషన్ ఎక్కడం, అంకెను క్యాలెండర్‌లో రాయడం. అదే రెండు గుడ్లు, అదే పండు. మధ్యాహ్నానికి ఇంటి డబ్బా. పని నుంచి ఇంటికి గంట నడక. ఎవరింట్లోనైనా విందైతే వెళ్తాడు, తింటాడు, మర్నాడు మళ్లీ మామూలే. ఎనభై మూడు దాటిందా, ఆ వారమే రాత్రి భోజనంలో కాస్త కోత. ఈ విసుగు పుట్టించే పనులే ఆరేళ్లుగా అతన్ని కాపాడుతున్నాయి.

ఆ బేకరీలో ఒక అలవాటుంది. విరిగిన బిస్కెట్లన్నీ ఒక పళ్లెంలో పోస్తారు, అవి పనివాళ్లవి. అమ్ముడుపోనిది కడుపులోకి వెళ్లినా లెక్కలోకి రాదని అక్కడివాళ్ల ధీమా. బస్తా అన్న మాత్రం ఆ పళ్లెం తనకు కనబడకుండా తన పిండి బల్లను మరోవైపుకి తిప్పించుకున్నాడు.

ఈ ఏడు చీలమండ బెణికింది. నడక ఆగింది. నిలబడి పిండి కలపలేడని యజమాని అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి ప్యాకింగ్ అప్పజెప్పాడు. ఆ కుర్చీ పక్కనే పళ్లెం. మొదటిరోజు ఒక ముక్క. నాలుగో రోజుకి చెయ్యి దానంతటదే వెళ్లడం నేర్చుకుంది. తూకం ఎందుకెక్కడం లేదని తనను తానే అడుక్కుని, కాలు నొప్పని చెప్పుకున్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు! కాలు నయమయ్యాక కూడా ఎక్కలేదు. తూకాన్ని మంచం కిందికి తోసేశాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఏడు వారాలు గడిపాడు.

లోపల మాత్రం భయం తొలిచేస్తోంది. ఇంతకుముందు రెండుసార్లు తగ్గి, రెండుసార్లూ మొదటికే వచ్చాడు. రెండుసార్లూ ముందుగా మానేసింది తూకం ఎక్కడమే. మూడోసారి కూడా పోతే ఇంకో ప్రయత్నం చేసే ఓపిక తనకు లేదని అతనికి తెలుసు.

షుగరు పరీక్షకని వెళ్తే క్లినిక్‌లో నర్సు తూకం ఎక్కమంది. తప్పించుకోలేక ఎక్కాడు. ఎనభై నాలుగున్నర.

"ఇరవై ఏడు కిలోలు తగ్గి ఎనభై ఒకటికొచ్చి ఆరేళ్లయిందమ్మా. ఇంకా ఎన్నాళ్లు ఇలా కాపలా కాయాలి?" అన్నాడు.

"కొన్నాళ్లేనని ఆశ పెట్టనండీ, బతికున్నన్నాళ్లూ," అంది నర్సు. "ఎప్పుడూ లావుగా లేని మనిషికంటే మీలా తగ్గినవాళ్లకి ఆకలి ఎక్కువేస్తుంది, ఒంట్లో ఖర్చు తక్కువవుతుంది. అది మీ చేతకానితనం కాదు. అయినా పెరిగింది మూడున్నర కిలోలండీ, ఇరవై ఏడు కాదు. ఇప్పుడే పట్టుకున్నారుగా."

చేతకానితనం కాదన్న మాట ఇన్నేళ్లలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంటికి నడుస్తూ దారంతా దాన్నే తలుచుకున్నాడు.

ఇంట్లో భార్య కూరగాయలు తరుగుతోంది. మంచం కింద నుంచి తూకం లాగి, దుమ్ము తుడుస్తూ, అంకె చెప్పేశాడు.

"నాకు తెలుసు," అందామె.

"తెలిసీ నోరెత్తలేదేం?"

"కిందటిసారి ఎత్తానుగా. మీరు దొంగచాటుగా తినడం మొదలెట్టారు. నేను కాపలాదాన్నయ్యాను, మీరు దొంగయ్యారు. ఇంట్లో మొగుడూపెళ్లాలు లేకుండా పోయారు. ఆ రోజులు మళ్లీ వద్దనుకున్నాను." కత్తిపీట పక్కకి జరిపి కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు కావవి, బీరకాయలు.

అతను ఆమె పక్కన నేలమీద కూలబడ్డాడు.

"ఎంత ఉన్నానని అడగొద్దు," అన్నాడు. "ఏం తిన్నానని అడగొద్దు. పొద్దున తూకం ఎక్కానా లేదా, అదొక్కటీ అడుగు. ఎక్కలేదంటే మాత్రం వదలకు."

మర్నాడు యజమానితో మాట్లాడి ప్యాకింగ్ మానేసి పిండి బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నడక మొదట పావుగంట, నెలకి ముప్పావుగంట. బరువు నత్తలా దిగింది. నాలుగు నెలలకి ఎనభై రెండు.

ఆ వారంలోనే ఒక ఉదయం అంకె మళ్లీ అరకిలో పైకి చూపించింది. కింద పడ్డట్టయింది అతనికి. తూకం మీద అలాగే నిలబడిపోయాడు.

"ఎక్కారా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"ఎక్కాను," అన్నాడు. దిగి, ఆ అంకెనే క్యాలెండర్‌లో రాశాడు.