గూని తీసేసిన ఫోటో

ఎర్రగుంట్ల స్టేషన్ రోడ్డులో నాకో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల కంటే చావుల పనే ఎక్కువ. బతికున్నన్నాళ్లు తల్లికి ఒక్క మంచి ఫోటో తీయించని కొడుకులు, ఆమె పోయిన మర్నాడు ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొస్తారు. ఆ ఫోన్‌లో ముసలామె వెలిసిపోయిన నైటీలో ఉంటుంది. "మంచి చీర కట్టించప్పా" అంటారు. కట్టిస్తాను. ఇన్నేళ్లు నా పొట్ట నింపిన విద్య అదే. విద్య అని గొప్పగా అంటున్నాను గానీ, అందులో ఉన్నది చాలావరకు మోసమే.

నా కంప్యూటర్‌లో తలల్లేని ఒళ్లు కొన్ని వందలున్నాయి. పట్టుచీరలు కట్టినవి, కోట్లు తొడిగినవి. అన్నీ నిటారుగా కూర్చున్న పడుచు మోడళ్ల ఒళ్లు. ముసలి తలను మెడ దగ్గర కత్తిరించి ఆ ఒంటి మీద పెట్టి, అతుకు కనపడకుండా అంచు మెత్తగా చేసి, ముడతలు నున్నగా రుద్దేస్తే పని అయిపోతుంది. ఎనభై ఏళ్ల ముఖం కింద ఇరవై ఏళ్ల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాయి. ఒక్కరూ అడగరు. ఈ మధ్య ఏఐ వచ్చాక ఆ మాత్రం కష్టం కూడా తప్పింది. పట్టుచీర కట్టు అని రాస్తే చాలు, చీరతో పాటు కొత్త వెన్నెముక కూడా ఇస్తుంది. దాని దృష్టిలో ముసలితనమంటే తెల్లజుట్టు, అంతే.

ఆ అన్నదమ్ములు వచ్చింది అలాంటి పనికే. బస్సులో అరగంట దూరంలో ఉన్న నేతగాళ్ల ఊరు వాళ్లది. పెద్దవాడికి సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాంట్రాక్టు. చిన్నవాడికి అన్న చెప్పినదానికల్లా తలూపడమే పని. వాళ్లమ్మకు ఉన్నది ఒకటే ఫోటో. కోడలు వాకిట్లో నిలబడి ఫోన్‌లో తీసింది. నైటీ మీద తువ్వాలు, ముందు చాటలో చింతపండు, నడుము వంగిపోయి, మెడ భుజాల్లోకి దిగిపోయి, కనుబొమలు ముడేసి ఎవరినో కసురుకుంటున్నట్టు ఉంది.

"గూని తీసేయప్పా. దినానికి శానా మంది పెద్దోళ్లు వస్తాండారు. అమ్మను సరిగా సూసుకోల్యా అనుకుంటారు" అన్నాడు పెద్దవాడు.

సూసుకున్నావా అని అడగాలని నోటిదాకా వచ్చింది. గంటలో పని ముగించాను. ఎర్ర పట్టుచీర, నిటారు ఒళ్లు, పొడుగాటి మెడ. కనుబొమల మధ్య గీతలు కూడా చెరిపేశాను. "అమ్మ సినిమా యాక్టర్ మాదిరి ఉండాది" అని చిన్నవాడు మురిసిపోయాడు. అమ్మ సినిమా యాక్టర్‌లా ఉంటే సంతోషించే కొడుకును ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. ఇంటికి ఒక ఫ్రేము కట్టించుకుని, ఇద్దరూ దాన్నే పెద్ద ఫ్లెక్సీ వేయించారు, కింద తమ ఫోటోలు అమ్మ కంటే పెద్దవిగా పెట్టించుకుని.

మర్నాడు వాళ్ల నాన్న ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. గుంత మగ్గంలో కూర్చుని యాభై ఏళ్లు నేసిన మనిషి. ఆయనకూ అదే వంపు. నా చేతికి ఫ్రేము ఇచ్చి, "ఈమె ఎవురప్పా?" అన్నాడు.

"మీ ఇంటామేనే కదా పెద్దాయనా."

"మా ఇంటామెకు ఇంత మెడ యాడిది? యాభై ఏండ్లు ఒక ఇంట్లో ఉన్న్యాం. నాకు తెలీదా?" ఫ్రేములోని మెడ మీద వేలు పెట్టి చూపించాడు. "ఉండేది ఒక పోటో. అదీ ఎవురిదో అయిపాయ. ఇంక నేను ఎవురిని సూసుకోవల్ల?"

నాకు ముఖం చెల్లలేదు. ఆ కొడుకులను ఎంత తిట్టుకున్నా, ఆ మెడ సాగదీసింది నా చెయ్యే.

సంచిలోంచి ఒక చీర తీశాడు. ముదురాకుపచ్చ నూలు చీర, అరటిపువ్వు రంగు అంచు. భార్య కోసం తనే నేశాడు. మంచిరోజుకు కడతానని ఆమె పెట్టెలో దాచింది. "ఇది కట్టించు. ఇంకేమీ ముట్టుకోవద్దు" అన్నాడు.

నిటారు ఒంటి మీది చీరను వంగిన ఒంటికి ఎంత సాగదీసినా కుదరదు. వీపు వంగిన మనిషి మీద గుడ్డ వీపున బిగుసుకుంటుంది, ముందు ఖాళీగా వేలాడుతుంది, కడుపు దగ్గర కుప్పగా ముడతలు పడుతుంది. ఆ చీరనే, అలాగే వంగిన మనిషికి కట్టి, ఆ వాకిట్లోనే, ఆ వెలుగులోనే ఫోటో తీయాలి. ఆ మాటే చెప్పాను.

ఆయన ఎక్కువ ఆలోచించలేదు. "నేను ఉండా గదా" అన్నాడు.

మరుసటి పొద్దున వాళ్లింటికి పోయాను. కోడలు ఫోటో తీసిన వేళ కనుక్కుని, ఆమె నిలబడిన చోటే, ఆమె పట్టుకున్నంత ఎత్తులోనే కెమెరా పట్టుకున్నాను. ఎడమ వైపు వీధి తలుపులోంచి ఎండ. పెద్దాయన చొక్కా మీదే చీర చుట్టుకుని, భార్య కప్పుకున్నట్టే కొంగు రెండు భుజాల నిండా కప్పుకుని, చాట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దకొడుకు ఆ తలుపు దగ్గరికి వేశాడు. "ఎవురన్నా సూస్తే పరువు పోతాది నాయనా" అన్నాడు. తల్లి ముఖం తుడిచేసినప్పుడు పోని పరువు, తండ్రి చీర కప్పుకుంటే పోతుందట. వెలుగు కావాలని తలుపు నేనే బార్లా తెరిచాను.

ఆ తర్వాత రెండు రోజులు నిజంగా పని చేశాను. ఆమె ముఖం, మెడ, మోచేతుల కింది భాగం ఫోన్‌లో ఉన్నట్టే ఉంచాను. నైటీ, తువ్వాలు ఉన్నంత మేర మాత్రం తీసి అక్కడ చీర పెట్టాను. గడ్డం నీడ కొంగు మీద పడేలా వేశాను. నా కెమెరా ఫోటోలో పోగు పోగూ స్పష్టంగా ఉంది, ఆమె ఫోటోలో అంత స్పష్టత లేదు. చీర ఒక్కటే కొత్తగా మెరిసి అతికించినట్టు ఉంటుందని దాన్నీ కాస్త మసకచేసి, ఆ ఫోన్ ఫోటోలోని చుక్కల గరుకుదనమే చల్లాను. చేతి మీద మచ్చలు, కనుబొమల మధ్య గీతలు, ఒక్కటీ ముట్టుకోలేదు. ఇంతకాలం ఎంతమంది ముసలివాళ్లను చెరిపేశానో అని ఆ రెండు రోజులూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

దినం నాడు నేనే తీసుకుపోయాను. పందిట్లో ఫ్లెక్సీకి దండ వేసి ఉంది. వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి, పెద్దకొడుకును చూసి, తర్వాత భోజనాల వైపు చూస్తున్నారు. పెద్దాయన దానికి వీపు పెట్టి లోపల మంచం మీద కూర్చున్నాడు.

ఫ్రేము చేతికిచ్చాను. నేతగాడు కదా, ముందు అంచు చూశాడు, కొంగు చూశాడు. తర్వాత ముఖం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. వెనక నిలబడిన పెద్దకొడుకు, "కోపంగా ఉండాదే. కొంచెం నవ్వించి ఉండాల్సింది" అని గొణిగాడు.

పెద్దాయన ఆ మాట వినలేదు. ఫ్రేమును గోడకు ఆనించి మంచం మీద నిలబెట్టి, తను కిందికి దిగి దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"తిట్టు మే" అని ఆమెతో అన్నాడు. "తిట్టు, ఈడనే ఉండా."