నాలుగు పొరలు, నాలుగు వాక్యాలు

తిరుపతిలో ఇంజనీరింగ్ విద్యార్థులకు నేను చెప్పే సాఫ్ట్‌వేర్ పాఠానికి గోడ గడియారం కూడా కునికిపాట్లు పడేది. కాలేజీకి రాబోయే తనిఖీ బృందానికి ఆ పాఠం నచ్చితేనే నా ఉద్యోగం పర్మనెంటు. మా శాఖాధిపతి పిలిచి, "అంత మాట్లాడొద్దప్పా. అద్దంలాంటి ప్లాస్టిక్ షీట్ల మీద పొరలుగా బొమ్మలెయ్యి, పొరకొక్క వాక్యం రాయి" అన్నారు.

మోకాళ్ళ మీద కొండెక్కినంత కష్టపడి నాలుగు షీట్లు గీశాను. అన్నిటికంటే కింద యంత్రం, దాని మీద ఆపరేటింగ్ సిస్టమ్, ఆపైన ఫైళ్ళ పని చూసే భాగం, అన్నిటికీ పైన ప్రోగ్రాం. ప్రతి షీటు అడుగున, ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్కో వాక్యం.

తనిఖీకి ముందురోజు ఆయన వాటిని ప్రొజెక్టరు మీద ఒకదానిపై ఒకటి పేర్చారు. బొమ్మ మేడలా లేచింది. వాక్యాలు నాలుగూ ఒకేచోట పడి నల్లటి మరకయ్యాయి.

"ఏందప్పా, సీమల పుట్ట మాదిరుండాదే!"

"విడివిడిగా చూస్తే బాగుంటాయి సార్."

"పేర్సేదానికే గదా గీసినావు!"

స్పిరిట్ దూదితో తుడిచి, ఏ పొర వాక్యాన్ని ఆ పొర బొమ్మ పక్కనే రాశాను. మర్నాడు ఒక్కో షీటూ పరిచి, ఒక్కో వాక్యం చదివాను. ఆరు నిమిషాల్లో గంట పాఠం అయిపోయింది. బృందంలోని పెద్దాయన మురిసిపోయారు.

"భలే తేలిగ్గా ఉండాదే ఈ సబ్జెక్టు! దీనికి పర్మనెంటు మనిషెందుకబ్బా?"

ఇంకో ఏడాది తాత్కాలికంగానే ఉన్నాను.